సబ్జెక్ట్: ఈ సీజన్‌లో తోతాపురి 6,500 టన్నులకే పరిమితం – శుక్రవారంలోగా మీ ఆమోదం కావాలి

తేదీ: 20 ఏప్రిల్ 2026
ఎవరికి: ఎండీ గారు, డైరెక్టర్లు
కాపీ: ఫైనాన్స్, సేల్స్, కొనుగోళ్ల విభాగాల హెడ్లు

ఎండీ గారికి, డైరెక్టర్లకు నమస్కారం.

రెండు విషయాలకు మీ ఆమోదం అడుగుతున్నాను. ఒకటి, ఈ సీజన్‌లో తోతాపురి కాయ నిరుటిలా 9,000 టన్నులు కాకుండా 6,500 టన్నులే ఆడించడం. రెండు, గోడౌన్‌లో ఆర్డర్ లేకుండా మిగిలిన 4,800 డ్రమ్ముల పాత పల్ప్‌ను కిలో 34 రూపాయలకు దేశీయ జ్యూస్ కంపెనీకి మే 31లోగా అమ్మేయడం. ఈ అమ్మకంలో 41 లక్షలు నష్టపోతాం. అయినా అమ్మాలనే అంటున్నాను.

ఇప్పుడున్న పరిస్థితి

చిత్తూరు ఫ్యాక్టరీలో ఈరోజుకు 7,400 డ్రమ్ములున్నాయి, అన్నీ నిరుడు జూన్, జూలైలలో నింపినవే. వీటిలో 2,600 డ్రమ్ములకు ఆర్డర్లున్నాయి. మే నెలాఖరులోగా చెన్నై పోర్టుకు వెళ్లిపోతాయి. కొత్త పంటకు ఖాయమైన ఆర్డర్లు 14,000 డ్రమ్ములు. మెషిన్లు, బాయిలర్, లేబర్ విషయంలో ఇబ్బందేమీ లేదు.

చిక్కు ఎక్కడంటే

పాత సరుకుతో కొత్త ఆర్డర్లు తీర్చలేం. రవాణా నాటికి కనీసం 18 నెలల గడువు మిగిలి ఉండాలని కొత్త ఆర్డర్లిచ్చిన ఎగుమతి కొనుగోలుదార్లు రాయించుకున్నారు. మన డ్రమ్ముల గడువు మొత్తం 24 నెలలు, మిగిలింది 14 నెలలు. పైగా మన ఎండలకు పల్ప్ రంగు నెమ్మదిగా ముదురుతుంది. ఆగస్టుకు ఈ 34 రూపాయలు కూడా ఎవరూ ఇవ్వకపోవచ్చు.

ఆ 4,800 డ్రమ్ములంటే 1,032 టన్నులు. కిలో ఖర్చు 38 రూపాయల లెక్కన 3 కోట్ల 92 లక్షలు అందులో ఇరుక్కుని ఉంది. 10.5 శాతం వడ్డీకి నెలకు దాదాపు 3 లక్షల 43 వేలు పోతోంది. ఏడాది ఉంచుకుంటే వడ్డీయే 41 లక్షలు, అంటే ఇవాళ అమ్మితే వచ్చే నష్టమంత. అప్పటికి సరుకు విలువ ఎంత ఉంటుందో వేరే లెక్క.

"కాయ చవగ్గా వస్తున్నప్పుడే ఎక్కువ ఆడిద్దాం" అన్నది సేల్స్ వారి మాట. దాన్ని కొట్టిపారేయలేదు, లెక్క వేశాను. కాయ కిలోకు 2 రూపాయలు తగ్గినా, అదనపు 2,500 టన్నుల మీద మిగిలేది 50 లక్షలు. దానికోసం ఆర్డర్ లేని 1,300 టన్నుల పల్ప్ మీద దాదాపు 4 కోట్ల 40 లక్షలు పెట్టాలి. పాత సరుకు కూడా కదలకపోతే, ఎగుమతులు మొదలయ్యేదాకా మొత్తం 26,600 డ్రమ్ములు మన దగ్గరే ఉంటాయి. మన గోడౌన్ పట్టేది 18,000.

నా సిఫార్సు

6,500 టన్నులు ఆడిస్తే, 52 శాతం దిగుబడితో సుమారు 15,700 డ్రమ్ములు వస్తాయి. ఆర్డర్లకు 14,000 పోను, మధ్యలో వచ్చే చిన్న ఆర్డర్లకు 1,700 చేతిలో ఉంటాయి. అంతకంటే ఎక్కువ వద్దు.

కోత ఎవరి మీద పడాలన్నది దీనికంటే ముఖ్యం. నిరుడు కొన్న 9,000 టన్నుల్లో 5,200 మన జాబితా రైతులవి, 3,800 మండీ ఏజెంట్లవి. తగ్గించే 2,500 టన్నులూ మండీ కొనుగోలులోనే తగ్గిద్దాం. బంగారుపాళెం, పూతలపట్టు, తవణంపల్లె రైతులకు మే 10లోగా టోకెన్లతో పాటు, ఎవరి దగ్గర ఎన్ని టన్నులు తీసుకుంటామో రాసి ఇద్దాం. నిరుడు మన గేటు ముందు ట్రాక్టర్లు రెండు రోజులు ఆగి, కాయ మెత్తబడిపోయిన సంగతి మీకు తెలుసు. ఆ తప్పు మనదే. ఎంత తీసుకుంటామో ముందు చెప్పలేదు.

రిస్క్ ఒకటుంది. నిరుడు ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ఖరారు చేసి, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలంది. ఈ ఏడాది ధర ఇంకా తేలలేదు. నా లెక్క 8 రూపాయలతోనే వేశాను. మన వాటా 10 దాటితే ఆర్డర్లలో లాభం బాగా తగ్గుతుంది. అప్పుడు టన్నులు తగ్గించకుండా ధర గురించి కొనుగోలుదార్లతో మాట్లాడాల్సి ఉంటుంది. రైతుకు రాసిచ్చిన మాట వెనక్కి తీసుకోలేం.

మీ నుంచి కావాల్సింది

శుక్రవారం, 24వ తేదీ సాయంత్రం ఐదింటిలోగా ఈ మెయిల్‌కే "రెండూ సరే" అనో, ఏది కాదో రాస్తే చాలు. జ్యూస్ కంపెనీ ఆఫర్ శనివారం దాకానే. కాయ 6,500 కాకుండా 7,000 టన్నులు ఉండాలనుకుంటే సర్దుకోగలను, పాత సరుకు అమ్మకాన్ని మాత్రం వాయిదా వేయకండి.

గ్రేడ్ వారీ స్టాక్, ఆర్డర్ల పట్టిక అటాచ్ చేశాను. అది చూడకపోయినా నిర్ణయానికి ఇబ్బంది లేదు.

ప్లాంట్ మేనేజర్
చిత్తూరు ఫ్యాక్టరీ