నీ కామిక్ సిరీస్‌కి నాలుగు ఐడియాలు: బల్లి, లిఫ్టు, పోయిన వస్తువులు, పెరిగే పిల్ల

కొత్త కామిక్ సిరీస్‌కి ఐడియాలు కావాలంటూ నువ్వు పంపిన పదహారు పేజీలూ రెండుసార్లు చూశాను. ముఖాలు, చేతులు బాగా వస్తున్నాయి. జనం, బండ్లు వచ్చేసరికి మాత్రం తప్పించుకుంటున్నావు, నాలుగో పేజీ సంత సీన్లో ఖాళీగా వదిలేసిన ఆ మూల నా కంట పడలేదనుకోకు. ఉద్యోగం నుంచి వచ్చాక వారానికి ఒక పేజీ అన్నావు, అంటే ఏడాదికి 52. మూడొందల పేజీల మహా కథ ఎత్తుకుంటే ఆరేళ్లు దాకా పడుతుంది, ఈలోపు గీత మారిపోయి మొదటి పేజీలు చూస్తే నీకే సిగ్గేస్తుంది. అందుకే నేను కథలు వెతకలేదు, చోట్లు వెతికాను. ప్రతి వారం ఒక కొత్త ప్రాణి తన గొడవతో దానంతటదే వచ్చి పడే చోటు దొరికితే సిరీస్ నడుస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది 'దీపం కింద'. నాలుగు గళ్ల స్ట్రిప్, నలుపు తెలుపు. ఒక వీధి దీపం, ఒక గోడ, గోడ మీద బల్లి. బల్లి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, పురుగులు ఒకటి రెండు రాత్రులే. వచ్చిన ప్రతి పురుగూ ఏవో పెద్ద పెద్ద ప్లాన్లు చెప్తుంది, బల్లి ఓపిగ్గా వింటుంది, నిజంగానే స్నేహం చేస్తుంది, ఆకలేస్తే తినేస్తుంది. మచ్చుకి ఒకటి:

గడి 1. పురుగు: "రేపు నేను సూర్యుణ్ణి చూడ్డానికి వెళ్తున్నా!"
గడి 2. బల్లి: "మొన్న వచ్చినాయనా అదే అన్నాడు."
గడి 3. పురుగు: "అవునా! చూశాడా మరి?"
గడి 4. బల్లి, పక్కకి చూస్తూ: "దారిలో నేను తగిలాను."

గీయడానికి ఇంతకంటే చవకైనది లేదు. వెలుగు గుండ్రంగా వదిలేసి మిగతాదంతా ఇంకు పొయ్యడమే. జ్వరం వచ్చిన వారం కరెంటు పోయిందని నాలుగు గళ్లూ నల్లగా నింపి మాటలు మాత్రం రాసెయ్. వాన పడ్డ రాత్రి ఉసుళ్లు గుంపుగా వచ్చి రెక్కలు రాల్చుకుంటాయి కదా, అది ఒక నెల కథ. రెండో ఏడాదిలో పాత బల్బు తీసి ఎల్‌ఈడీ పెడతారు. వాటిలో అతినీల కిరణాలు దాదాపు ఉండవు కాబట్టి పురుగులు తగ్గిపోతాయి, బల్లికి మొదటిసారి ఆకలీ ఒంటరితనమూ ఒకేసారి తెలుస్తాయి. ఇక్కడ జోకులు ఆపి నిజంగా బాధపెట్టొచ్చు.

గ్రాఫిక్ నవలే కావాలని పట్టుబడితే 'లిఫ్టు'. ఎనభై అంతస్తుల భవనం. ఏ నంబరు నొక్కితే ఆ వయసుకి మారిపోతారు, ఏడో అంతస్తులో దిగితే ఏడేళ్ల పిల్లే. బతికే వయసు దాటిన బటన్ మాత్రం వెలగదు. లిఫ్టు మెకానిక్ సరళ ఒకరోజు వాళ్లమ్మని ఎక్కించుకుంటుంది, అమ్మకి 63 పైన ఒక్క బటనూ వెలగదు. ఇప్పుడు ఆవిడకి 61. నీ బలం ముఖాలే కాబట్టి ఒకే మనిషిని పది వయసుల్లో గీసే పని నీకు పండగ, లిఫ్టు లోపలి గోడలేమో ఒకసారి శుభ్రంగా గీసుకుంటే కింద పెట్టి ట్రేస్ చేసుకోవచ్చు. అధ్యాయానికి ఒక ప్రయాణికుడు, పన్నెండు పేజీలు. కాకపోతే కిందికి దిగాక పైన చూసింది గుర్తుంటుందా లేదా అన్నది ముందే తేల్చుకో, నలభయ్యో పేజీలో తేల్చుకుందామంటే మొత్తం కూలిపోతుంది.

'పోయిన వస్తువుల గది' తేలికైనది, స్టేషన్‌లో ఒక కౌంటరు, ఒక గుమాస్తా, వారానికొక వస్తువు. ఒంటి కాలి చెప్పు కోసం ఇద్దరు కొట్టుకోవడం దగ్గర మొదలుపెట్టు. బాగుంటుంది గానీ ఇలాంటిది ఇంకెవరికైనా కూడా తడుతుంది.

చివరిది, పాత్రలు నిజం కాలంతో పాటు పెరగడం. 1918లో మొదలైన 'గాసొలీన్ ఆలీ' అనే అమెరికన్ కామిక్ స్ట్రిప్‌లో 1921లో గుమ్మం ముందు ఒక పసివాడు దొరుకుతాడు, వాడు పాఠకులతో పాటే పెరిగి పెద్దవాడయ్యాడు. నువ్వు ఆరేళ్ల పిల్లతో మొదలుపెడితే పదేళ్లకి దానికి పదహారు. కానీ మధ్యలో ఏడాది మానేస్తే ఆ ఏడాది దాని జీవితంలోంచీ పోతుంది, నీ సంగతి తెలిసి ఇది వద్దంటున్నా.

బల్లితో మొదలుపెట్టు. పన్నెండు స్ట్రిప్‌లు చేతిలో ఉండేదాకా ఎవరికీ చూపించకు. ఇంకో మాట, మొదటి స్ట్రిప్‌లో బల్లికి తోక ఉండకూడదు, వారం వారం కాస్త కాస్త పెంచు, ఎవరో ఒకరు కనిపెట్టి అడుగుతారు. ఎలా తెగిందో మాత్రం అప్పుడే చెప్పకు. నాకూ ఇంకా తట్టలేదు.