"పూడిక ముందా, వంక ముందా": వ్యాసం వాదన ఒకచోట, దాని ఆధారాలు మరోచోట

కడపలో ఈ శనివారం సాయంత్రం జరిగే చర్చకు వచ్చేవారి కోసం రాసిన సారాంశం ఇది. రాయలసీమ చెరువుల బాగుచేతలో ఏ పని ముందు చేయాలన్నదే విషయం. మూల వ్యాసం రెండు ఆదివారాల కిందట ఒక దినపత్రిక సంపాదకీయ పేజీలో వచ్చింది. రాసినాయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. మొత్తం పదకొండు పేరాలు. చర్చలో ఒకరు వాదనను, ఒకరు ఆధారాన్ని పట్టుకుని పోట్లాడుకోకుండా ఉండాలని రెంటినీ విడదీశాం. మా సొంత వ్యాఖ్య వచ్చినచోట "మా మాట" అని చెప్పే రాశాం.

వాదన

రాయలసీమ చెరువుల బాగుచేత పూడికతీతతో కాదు, చెరువుకు నీళ్లు తెచ్చే వంకలు, సప్లై కాలువలతో మొదలు కావాలి. ప్రభుత్వం డబ్బు కూడా ఆ వరుసలోనే ఇవ్వాలి.

అంతే. ఈ వాక్యం వ్యాసంలో మొదట లేదు, చివరా లేదు, ఏడో పేరా మధ్యలో ఉంది. మొదటి రెండు పేరాలు ఎండిన చెరువు వర్ణన. పైన పెద్దక్షరాల్లో ఉన్న ఉపశీర్షిక "పూడికతీత దండగ" అంటుంది. అది చూసి ఆయన పూడిక తీయొద్దంటున్నాడని అనుకుంటే పొరపాటు. తొమ్మిదో పేరాలో ఆయనే ఒప్పుకున్నారు: ఏటా నిండి మరవ పారే చెరువైతే పూడికే ముందు తీయాలి, ఎందుకంటే అక్కడ నీళ్లున్నాయి, చోటే చాలడం లేదు. కాబట్టి వాదన అన్ని చెరువుల గురించి కాదు. నిండని చెరువుల గురించి. ఈ షరతు వదిలేస్తే వ్యాసం చెప్పనిదాన్ని చెప్పినట్టవుతుంది.

వాదనకు మూడు కాళ్లున్నాయి. మొదటిది: నిండని చెరువులో కొరత నీళ్లకే, నీళ్లు నిలిచే చోటుకు కాదు. రెండోది: పూడిక తీయడానికి పడే శ్రమకు, వచ్చే నీటికి పొంతన కుదరదు. మూడోది: అందువల్ల వరుస ఇలా ఉండాలి: ముందు వంక, తర్వాత కట్ట, తూము, మరవ, ఆఖరున పూడిక. మొదటి రెండూ జరుగుతున్నదాని గురించిన మాటలు. మూడోది జరగాల్సినదాని గురించిన మాట. ఆధారాలన్నీ మొదటి రెంటికే ఉన్నాయి.

ఆధారాలు, ఏది దేనికి

అన్నిటికంటే బలమైనది లెక్క. నాలుగు, ఐదు పేరాల్లో ఉంది. 100 ఎకరాల నీటిమునక ఉన్న చెరువులో ఒక అడుగు పూడిక తీశారనుకుందాం. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు కాబట్టి తీసే మట్టి 43.56 లక్షల ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రాలీకి 100 ఘనపుటడుగులు పట్టుకుంటే 43,560 ట్రిప్పులు. రోజుకు 20 ట్రాక్టర్లు తలా 10 ట్రిప్పులు తోలినా దాదాపు 218 రోజులు పడుతుంది. ఇంత చేస్తే పెరిగే నిల్వ 100 ఎకరం-అడుగులు. వరికి ఎకరానికి నాలుగడుగుల నీళ్లు కావాలని ఆయన అంచనా, ఆ లెక్కన ఒక్కసారి నిండితే పారేది 25 ఎకరాలు. ఇది రెండో కాలికి ఆధారం.

దానికి ఎదురు లెక్క కూడా ఆయనే వేశారు. అనంతపురం వైపు ఏడాది వాన 550 మిల్లీమీటర్లు అనుకుని, అందులో వందకు ఐదు వంతులే పారి చెరువు చేరుతుందని పట్టుకున్నారు. ఒక చదరపు కిలోమీటరు మీద పడే వానలో చెరువుకు చేరేది 27,500 ఘనపు మీటర్లు. అడుగు పూడిక తీస్తే పెరిగే చోటు సుమారు 1,23,000 ఘనపు మీటర్లు. అంటే నాలుగున్నర చదరపు కిలోమీటర్ల నేల మీది నీళ్లు వంక తెగి పక్కకు పోతే, పూడిక తీసి సంపాదించిన చోటు మొత్తం ఖాళీగా ఉండిపోయినట్టే. ఇది మొదటి కాలికి ఆధారం.

మా మాట: ఐదు వంతులన్నది ఆయన ఊహ, కొలత కాదు. అయితే ఆ ఊహ ఆయనకు లాభం చేసేది కాదు. పది వంతులు అనుకుంటే రెండుంబావు చదరపు కిలోమీటర్లు తెగినా అదే నష్టం, అంటే వాదన ఇంకా గట్టిపడుతుంది. అసలు లోపం వేరేచోట ఉంది. వంక తెగితే ఎంత పోతుందో లెక్క చెబుతుంది గానీ, మన చెరువుల్లో ఎన్నింటి వంకలు తెగాయో చెప్పదు. ఆ సంఖ్య వ్యాసంలో ఎక్కడా లేదు.

తూము మట్టం గురించిన మాట ఐదో పేరా చివర రెండే వాక్యాల్లో ఉంది. చదివేటప్పుడు దాటిపోయే ప్రమాదముంది గానీ, రెండో కాలికి ఇదే గట్టి దన్ను. తూము అడుగు మట్టం కంటే కిందికి తవ్విన గుంతలో నిలిచే నీళ్లు తూములోంచి ఆయకట్టుకు రావు. చుట్టుపక్కల బోర్లకు ఊట పెరగొచ్చు, గొడ్లు తాగొచ్చు, కానీ పొలానికి పారవు. జేసీబీతో చెరువు నడుమ పెద్ద గుంత తీసి "ఇంత నిల్వ పెంచాం" అని చెప్పే లెక్కలో ఈ నీళ్లూ కలిసిపోతాయి. దీనికి అంకెలు అక్కర్లేదు, తూము దగ్గర నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

మూడో ఆధారం శాసనం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని మరో పేరు, తవ్వించిన చెరువు అది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు సాధనాలను, తప్పించుకోవాల్సిన ఆరు దోషాలను శాసనం వరుసగా చెబుతుంది. వ్యాసకర్త వీటిలో రెంటిని ఎత్తుకున్నారు: చెరువుకు నీళ్లిచ్చే తీపినీటి ఏరు ఉండడం సాధనం, నీళ్లు తక్కువగా ఉండి పారించాల్సిన నేల ఎక్కువగా ఉండడం దోషం. నీటి రాకను మన పెద్దలు ఎంత ముఖ్యంగా చూశారో చూడండని ఆయన ఉద్దేశం.

మా మాట: ఈ ఆధారాన్ని చర్చలో జాగ్రత్తగా వాడాలి. శాసనం చెప్పేది కొత్త చెరువు కట్టడం గురించి, పాతది బాగుచేసే వరుస గురించి కాదు. పైగా ఆ పన్నెండింట్లోనే చెరువు గర్భం విశాలంగా, లోతుగా ఉండాలన్నది కూడా ఉంది. వ్యాసకర్త దాన్ని వదిలేశారు. పూడిక ముందనేవాళ్లు అదే శాసనం తెచ్చి ఎదురు నిలబడొచ్చు. దోషాల్లో కూడా నేల చాలక నీళ్లు ఎక్కువ కావడం ఒకటి. అంటే శాసనం రెండు వైపులా తూకం చూసింది. నీటి రాక ముఖ్యమని చెప్పడానికి శాసనం పనికొస్తుంది, అదే మొదటిదని చెప్పడానికి పనికిరాదు.

గొలుసుకట్టు చెరువుల సంగతి ఆరో పేరాలో ఉంది. పై చెరువు మరవ పారితేనే కింది చెరువుకు నీళ్లు, కాబట్టి నడుమ ఒక్క కాలువ పూడిపోతే కిందివన్నీ ఎండుతాయి. ఇది పని జరిగే తీరు చెప్పే వివరణ. ఒప్పుకోవడానికి ఇబ్బంది లేదు. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం గురించి ఒక్క వాక్యముంది: మాల్యాల దగ్గర శ్రీశైలం నీళ్లు ఎత్తి తెచ్చినా, వాటిని ఊరి చెరువులో పోయాలంటే ఆఖరి మైలు మళ్లీ వంకే కదా అని.

ఇక ఉదాహరణ. అనంతపురం జిల్లాలో ఒక చెరువు, పేరు చెప్పలేదు. పూడిక తీసిన మరుసటి ఏడు మంచి వానలే పడ్డా పావు చెరువు కూడా నిండలేదు. కారణం వెతికితే పైన రోడ్డు కల్వర్టు పైపులు వంక అడుగు కంటే రెండడుగులు ఎత్తున పరిచారు. నీళ్లు అక్కడ నిలిచి, రోడ్డు పక్క గాడి పట్టుకుని వేరే వంకలో కలిశాయి. మిగిలిన కాలువ నిండా సర్కారు కంప. వ్యాసంలో మనసుకు ఎక్కే భాగం ఇదే, మూడు పేరాలు దీనికే పోయాయి. కానీ ఆధారంగా దీని బరువు ఒక్క చెరువంత. ఇలా జరుగుతుందని చూపిస్తుంది, ఎక్కువగా ఇలాగే జరుగుతుందని చూపించదు. చర్చలో ఎవరైనా "ఆ కల్వర్టు ఒక్కటి సరిచేస్తే పోయేది కదా" అంటే, ఉదాహరణ కూలినా పైన ఉన్న లెక్క కూలదని గుర్తుంచుకోవాలి.

ఆధారం ఇవ్వకుండా చెప్పినవి

ఇదివరకటి పథకాల్లో డబ్బు ఎక్కువ భాగం పూడికకే పోయిందని ఎనిమిదో పేరా అంటుంది. ఏ పథకమో, ఏ ఏడాదో, ఎంతో లేదు. పూడికైతే ట్రిప్పులు లెక్కపెట్టి బిల్లు చేసుకోవచ్చు, కాలువ ఆక్రమణ తొలగించాలంటే ఊళ్లో తగాదా, అందుకే ఎవరూ ముట్టరని కూడా అన్నారు. వినడానికి నిజమే అనిపిస్తుంది. అయినా అది ఉద్దేశాలను ఊహించి అన్న మాట, దానికి సాక్ష్యం చూపలేదు.

నీటి సంఘాలకు వంకల పటం గీసే పని అప్పజెప్పాలన్నది ఆఖరి పేరా. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం కింద ఆ సంఘాలు ఏర్పడ్డాయి కాబట్టి కొత్త చట్టం అక్కర్లేదంటారు. ఇది సూచన. వాదనలో భాగం కాదు, ఆధారమూ కాదు. దీన్ని కాదన్నవాళ్లు కూడా వంక ముందన్న మాట ఒప్పుకోవచ్చు.

మూడో కాలు, అంటే పనుల వరుస, నిజంగా నిలబడాలంటే ఖర్చు పోలిక కావాలి. అడుగు పూడికకు 43,560 ట్రిప్పులని చెప్పిన ఆయన, కిలోమీటరు వంకలో కంప కొట్టి, గట్టు సరిచేసి, ఒక కల్వర్టు దించి పరచడానికి ఎంతవుతుందో చెప్పలేదు. ఎక్కువ మేలు ఎక్కడో చెప్పి, తక్కువ ఖర్చు ఎక్కడో చెప్పకుండా "డబ్బు ఆ వరుసలో ఇవ్వాలి" అన్నారు. శనివారం ఆయన పక్షాన మాట్లాడేవారు ముందుగా ఏదో ఒక చెరువు సప్లై కాలువ పొడవు, దాని మీది కల్వర్టుల సంఖ్య రాసుకుని వస్తే బాగుంటుంది, మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.