డిపోలో బీపీ చెకింగ్ ముందు డాక్టర్ గారు చెప్పిన మాటలు

అందరికీ నమస్కారం. అన్నలూ అక్కలూ, డ్యూటీ ఎక్కేవాళ్ళు ఉన్నారు, నైట్ దిగి నిద్ర ఆపుకుంటూ కూర్చున్నవాళ్ళూ ఉన్నారు, పది నిమిషాల్లో వదిలేస్తా.

ముందు ఒక్కటి అడుగుతా. పోయినసారి మీ బీపీ ఎంత వచ్చింది? "నార్మలే మేడమ్" అంటున్నారు ఇక్కడ, అక్కడ వెనక అక్క "కొంచెం ఎక్కువుందన్నారు" అంటోంది. అది నంబర్ కాదమ్మా. మీ బస్ నంబర్ అడిగితే నిద్రలో లేపినా చెప్తారు, టికెట్ మెషీన్‌లో ఎంత కలెక్షన్ వచ్చిందో పైసలతో సహా చెప్తారు, మరి మీ ఒంటి నంబర్ ఎందుకు గుర్తుండదు? పోయిన నెల ఒకాయన నా దగ్గరకొచ్చారు, రెండేళ్ళ కింద ఎక్కడో చెక్ చేసి "కొంచెం ఎక్కువ" అన్నారట, ఆ కొంచెం అనే మాట పట్టుకుని రెండేళ్ళు ఊరుకున్నారు, నేను చూస్తే 168 బై 104. ఆ రోజే ఎంతుందో ఆయనకి తెలిసుంటే అన్నాళ్ళు ఆగేవారు కాదు, ఇప్పటికీ నాకు అదే బాధ.

సరే, రెండు నంబర్లు ఉంటాయి. పైది గుండె కొట్టినప్పుడు రక్తనాళాల మీద పడే ఒత్తిడి, కిందది గుండె రెస్ట్ తీసుకునే ఆ క్షణంలో ఉండే ఒత్తిడి. ఇప్పుడు నాతో పాటు గట్టిగా అనండి. 120 బై 80. నూట ఇరవై బై ఎనభై. మళ్ళీ! ఈ రెండిటికీ కింద ఉంటే బాగున్నట్టు, ఏడాదికోసారి చూపించుకుంటే చాలు.

పైది 120 నుంచి 139, లేదా కిందది 80 నుంచి 89 వస్తే జబ్బు అనం, కానీ బండి అటువైపే పోతోందన్నమాట, ఉప్పు తగ్గించాలి, నడవాలి, మూడు నాలుగు నెలలకి మళ్ళీ చూసుకోవాలి.

ఇప్పుడు ఇంకో నంబర్, ఇది అస్సలు మర్చిపోవద్దు. 140 బై 90. నూట నలభై బై తొంభై. అనండి... రెండిట్లో ఏ ఒక్కటి అక్కడికి చేరినా బీపీ ఎక్కువున్నట్టు లెక్కే, పైది 132 ఉండి కిందది 94 ఉన్నా లెక్కే. "నా వయసు 55 కదా మేడమ్, 155 ఉండొచ్చు" అంటారు కొందరు, వయసుకి వంద కలిపే ఆ లెక్క తప్పు, దయచేసి వదిలేయండి. అయితే ఇవాళ ఒక్కసారి 146 బై 92 వచ్చిందని బీపీ పేషెంట్ అని ముద్ర వెయ్యను, ఇంకో రోజు మళ్ళీ చూసి అప్పుడే మాట్లాడతా.

180 బై 110 దాటితే మాత్రం ఇవాళే డాక్టర్ దగ్గరికి, స్టీరింగ్ దగ్గరికి కాదు. దాంతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం ఉంటే ఆటో వెతకొద్దు, 108 కొట్టండి.

తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోకండి. చాలామందికి ఏమీ తెలియదు, తెలిసేసరికి పక్షవాతమో కిడ్నీయో అవుతుంది, అందుకే మిషన్ పెట్టి చూడాలి.

చూసేటప్పుడు ఒక పద్ధతుంది. బస్ దిగి ఉరుక్కుంటూ వచ్చి చెయ్యి చాపితే రీడింగ్ ఎక్కువొస్తుంది, టీ, సిగరెట్, గుట్కా అయి అరగంట గడవాలి. ఇంకోటి, మీ పనిలో మూత్రం ఆపుకోవడం అలవాటైపోయింది, ముఖ్యంగా అక్కలకి, దానివల్లా బీపీ పెరిగినట్టు కనిపిస్తుంది, ముందు వెళ్ళొచ్చి అయిదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోండి. షర్ట్ చెయ్యి పైకి లాగాలి, బట్ట మీద పట్టీ కట్టం. రెండుసార్లు చూస్తాం.

ముందు వరసలో అన్న ఏదో అడుగుతున్నారు... "ఎక్కువొస్తే డ్యూటీ తీసేస్తారా?" ఆ భయం నాకు తెలుసన్నా, ఆ భయంతోనే చాలామంది ఈ గదికి రారు. మీ నంబర్ రాసిన కాగితం మీ చేతికే ఇస్తాం, ఎక్కువున్నవాళ్ళలో చాలామందికి రోజుకో గోళీతో అదుపులోకొస్తుంది, పీహెచ్‌సీలో బస్తీ దవాఖానాలో ఫ్రీగా ఇస్తారు. గోళీలు వేసుకుంటే 126 బై 78 వచ్చింది, తగ్గిపోయిందని ఆపేస్తారు చూడండి, అది చెయ్యకండి, ఆ 126 గోళీ పుణ్యమే.

ఉప్పు రోజుకి అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, కూరా పప్పూ పచ్చడీ అప్పడం అన్నీ కలిపి. టిఫిన్ బాక్స్‌లో ఆవకాయ ఉండనివ్వండి, ముక్క ఒక్కటే, పెరుగన్నంలో మళ్ళీ ఉప్పు కలపొద్దు.

సరే, మొదటి రెండు వరసలు లేవండి. కుర్చీ దిగేముందు సిస్టర్‌కి మీ నంబర్ మీరే పైకి చెప్పాలి, "నూట ఇరవై ఎనిమిది బై ఎనభై నాలుగు" అని పూర్తిగా, అప్పుడే కాగితం ఇస్తుంది. రండి అన్నా, మీరే ముందు.