ఓరుగల్లు నుంచి బొగత దాకా, సౌండ్ పెట్టుకుని చూడండి

తెల్లారి కోట. పొద్దెక్కినంక రామప్ప.
మబ్బు పట్టినంక లక్నవరం. వాన దంచినంక బొగత.
డప్పు మాట్లాడుతది, నేను మాట్లాడను. 🥁

.
.
.

క్యాప్షన్ అయిపోయింది. పాట విని, బొమ్మ చూసి, నచ్చితే మళ్ళీ ఒకసారి చూసి వెళ్ళిపోండి, కింద ఉన్నది చదవకపోయినా ఏం పోదు. "అన్నా లొకేషన్", "అన్నా పాట ఏంది", "అన్నా ఆ నల్లరాయి బొమ్మ ఎక్కడిది" అని ప్రతి రీల్ కింద అడుగుతూనే ఉంటారు కాబట్టి ఈసారి అన్నీ ఒకేచోట రాసి పెడుతున్నా. వీడియో మీద మాత్రం ఒక్క అక్షరం కూడా వేయలేదు. ఊరి పేర్లు, బాణం గుర్తులు, "వెయిట్ ఫర్ ఇట్" లాంటివి స్క్రీన్ మీద కనబడితే మన కన్ను బొమ్మను వదిలేసి వాటి వెంటే పోతది, ఇక చెవి సంగతి చెప్పేదేముంది.

ముందు పాట గురించి. అది ఎక్కడి నుంచీ తీసుకున్నది కాదు, మా తమ్ముడి దోస్తు వాయించిండు, మామిడితోటలో ఫోన్‌లోనే రికార్డ్ చేశాం. మొదట నల్లటి స్క్రీన్ మీద చిటపట అని ఒక చప్పుడు వస్తుంది కదా, చాలామంది వాన అనుకున్నారు. అది గడ్డి మంట. డప్పు వాయించే ముందు మంట మీద కాపుతారు, తోలు బిగుసుకుంటేనే గొంతు లేస్తది, చల్లబడితే మళ్ళీ కాపాలి. వానకాలం గాలిలో తేమకి తోలు ఊరికే సడలిపోతుంటే ఆ తమ్ముడు రెండు నిమిషాలు వాయించడం, మళ్ళీ మంట దగ్గరికి పోవడం, ఇదే పని. కుడిచేతిలో లావు చిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. పెద్ద దెబ్బ చిర్రది, మధ్యమధ్యలో టకటక వినబడేది చిటికెన పుల్లది. కోట షాట్లు పెద్ద దెబ్బల మీద, రోడ్డు షాట్లు చిన్న దెబ్బల మీద కట్ చేశా. ఫోన్ స్పీకర్‌లో చిటికెన పుల్ల సరిగ్గా వినబడదు, అందుకే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి అంటున్నా.

మొదటి షాట్ ఖిలా వరంగల్. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో కూలిపోయిన స్వయంభూ దేవాలయం రాళ్ళు. మన రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే. దాన్ని దూరం నుంచి తీసిన ఫోటోలు మస్తు ఉన్నాయి, ఆ యాంగిల్ మళ్ళీ ఎందుకని దాని కింద నుంచి నడుస్తూ పైకి తీశా, అందుకే అంచు మీద కూర్చున్న హంస ఒక్క క్షణం కనబడి పోతుంది. పొద్దున్నే వెళ్తే వాకింగ్ వాళ్ళు, మేకలు తప్ప ఎవరూ ఉండరు, ఎండ పక్క నుంచి పడుతుంది కాబట్టి చెక్కడాలు లోతుగా కనిపిస్తాయి. పదకొండు దాటితే అదే రాయి ఫోన్‌లో తెల్లగా చదునైపోతది.

వేయి స్తంభాల గుడి ఒక్క దెబ్బకే వచ్చి పోతుంది, అవును, కావాలనే. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన గుడి, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కలిపి త్రికూటాలయం, హనుమకొండ వాళ్ళకి బతుకమ్మ మొదలయ్యేది కూడా అక్కడే. ఎంగిలిపూల రోజు అక్కడ చప్పట్ల తాళం మీద వేరే రీల్ చేయాలని ఉంది, అందుకే ఇప్పుడు నందిని ఒక్కసారి చూపించి వదిలేశా.

ఇక రామప్ప. రీల్‌లో ఎక్కువసేపు ఉన్నది ఇదే, ఇక్కడికి రాగానే డప్పు ఆగి ఒక్క వేణువే ఉంటుంది. హనుమకొండ నుంచి ములుగు మీదుగా పాలంపేట, అటూ ఇటూగా 70 కిలోమీటర్లు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిండు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, రాజు పేరు గానీ దేవుడి పేరు గానీ కాకుండా శిల్పి పేరుతో పిలుచుకునే గుడి. ఇవన్నీ మీకు తెలిసినవే, స్కూల్లో చదివినవే. నాకు చెప్పాలని ఉన్నది వేరే.

గుడి బయట చూరు కింద నల్లరాతి మదనికలు వాలి నిలబడి ఉంటారు కదా. గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి, ఈ బొమ్మలు మాత్రం నల్లటి డోలరైట్, చాలా గట్టి రాయి. ఫోన్ జూమ్ చేసి మెడ దగ్గర ఆపండి. హారం చెక్కిండు, ఆ హారం నీడ ఒంటి మీద పడుతుంటది. ఎండ కొంచెం జరిగితే నీడ కూడా జరుగుతుంది, అంటే హారానికీ ఒంటికీ మధ్య సందు ఉందన్నమాట, గట్టి రాయిలో. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న అమ్మాయి బొమ్మ కూడా అక్కడే ఉంది, రీల్‌లో ఆమె పాదాలు మాత్రమే ఉన్నాయి, మొహం మీరు వెళ్ళి చూసుకోండి.

లోపల రంగమండపం స్తంభాల మీద నాట్యం చేసేవాళ్ళతోపాటు మద్దెలలు వాయించేవాళ్ళు కూడా ఉన్నారు. గణపతిదేవుడి దగ్గర గజసేనాధిపతిగా ఉన్న జాయపసేనాని నృత్యం మీద సంస్కృతంలో పెద్ద గ్రంథమే రాసిండు, నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్ళీ నిలబెట్టినప్పుడు ఆ గ్రంథమూ ఈ గుడి బొమ్మలూ ఆయనకి ఆధారమయ్యాయి. సరే, ఎడిటింగ్ సంగతికి వస్తా. వేణువు ఆగిన చోట రాతి మద్దెల మీద ఒక చెయ్యి కనబడుతుంది, సరిగ్గా ఆ ఫ్రేమ్ మీద డప్పు మళ్ళీ మొదలవుతుంది. ఈ రీల్ మొత్తం ఆ ఒక్క కట్ కోసమే చేశా అన్నా తప్పులేదు. ఎవరైనా గమనించారా? గమనించినవాళ్ళు కింద ఒక డప్పు గుర్తు పెట్టండి, చాలు.

అన్నట్టు, తడితే సరిగమలు పలుకుతుందని చెప్పే చెక్కడం ఒకటి లోపల ఉంది, ఆ చప్పుడు ఎందుకు పెట్టలేదని అడుగుతారు. నేను తట్టలేదు, మీరు కూడా తట్టకండి. ఎనిమిది వందల ఏళ్ళ రాయి, వచ్చిన ప్రతివాడూ గోటితోనో ఉంగరంతోనో కొడితే ఏమైతది? డ్రోన్ షాట్ లేకపోవడానికి కారణం కూడా చెప్పేస్తా, కోట, రామప్ప రెండూ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, అనుమతి లేకుండా ఎగరేయనివ్వరు, ట్రైపాడ్‌కి కూడా అనుమతి కావాలి. అంతా చేత్తో పట్టుకుని తీసిందే, అక్కడక్కడ కొంచెం వణుకుతుంది, వణకనీయండి.

లక్నవరానికి చల్వాయి దగ్గర తిరగాలి. ఇది కూడా కాకతీయుల చెరువే. వేలాడే వంతెన మీద జనం నడుస్తుంటే కింద నుంచి కిర్రు కిర్రుమని వచ్చే చప్పుడు అసలుది, పాటలో కలిపా. ఆదివారం పోతే వంతెన మీద సెల్ఫీ లైనే ఉంటది, వేరే రోజు చూసుకోండి.

మధ్యలో రెండు చేతులు పిండి ఒత్తుతున్న షాట్ గురించే ఎక్కువ మెసేజ్‌లు వచ్చాయి! అది సర్వపిండి, మా దిక్కు గిన్నెప్ప అని కూడా అంటారు. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె లోపలి గోడలకి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వదులుతారు. నూనె పడి సుయ్యిమన్న చప్పుడు మీద తర్వాతి షాట్‌కి దూకింది. ఆ పెద్దమ్మ మొహం ఎందుకు లేదంటే, కెమెరా ఎత్తగానే "నా మొకం ఎందుకు బిడ్డా, పిండిని తియ్యి, తినేది పిండినే గదా" అంది. నాకంటే ఆమెకే రీల్స్ బాగా అర్థమయ్యాయి.

అడవి రోడ్డు తాడ్వాయి, ఏటూరునాగారం మధ్యది. మేడారం దారి అక్కడే చీలుతుంది. గద్దెల దగ్గర ఫోన్ జేబులోనే పెట్టుకున్నా, బయట తక్కెడలో ఉన్న బంగారం ఒక్కటే తీశా. మన దిక్కు కాని వాళ్ళకి చెప్తున్నా, బంగారం అంటే బెల్లం, సమ్మక్క సారలమ్మలకి నిలువెత్తు తూకం వేసి ఇచ్చేది అదే. ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటే షాట్ కారు కిటికీలోంచి తీసింది, అద్దం మీద చినుకులు నిజమైనవే, ఎఫెక్ట్ కాదు.

చివర బొగత జలపాతం, వాజేడు మండలం, వరంగల్ నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. అక్కడ పాట మొత్తం తీసేశా, వినబడేది నీళ్ళ చప్పుడు ఒక్కటే. అంత నీళ్ళ హోరు ముందు ఏ వాయిద్యం పెట్టినా చిన్నపోతుంది. "తెలంగాణ నయాగరా" అని రాయమని ఒకాయన సలహా ఇచ్చిండు, వద్దన్నా. బొగతకి బొగత అనే పేరు సరిపోదా? వెళ్ళాలంటే వానలు పడ్డాక జూలై నుంచి సెప్టెంబర్ దాకా బాగుంటది, కానీ వరద ఎక్కువైతే అటవీ శాఖ వాళ్ళు గేటు మూసేస్తారు, బయలుదేరే ముందు ములుగు వైపు ఎవరినైనా కనుక్కోండి. నీళ్ళలోకి దిగొద్దని చెప్పిన రోజు దిగొద్దు, రాళ్ళు పాకుడు పట్టి ఉంటాయి, పైన వాన పడితే ప్రవాహం ఉన్నట్టుండి పెరుగుతది. మంచి షాట్ కంచె ఇవతల నుంచి కూడా వస్తుంది, రీల్‌లో ఉన్నది అక్కడి నుంచి తీసిందే.

ఇవన్నీ ఒక్కరోజులో చుట్టేద్దామనుకోకండి, కారులో కూర్చోవడమే అవుతది. కోట, వేయి స్తంభాల గుడి ఒక పూట. రామప్ప, లక్నవరం ఒక రోజు. బొగతకి పొద్దున్నే లేచి వేరే రోజు. అడవిలో సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పెట్రోల్ ములుగులోనే కొట్టించుకోండి.

ఆడియో ఎవరికైనా కావాలంటే వాడుకోండి, పెళ్ళికైనా బోనాలకైనా, ఆ తమ్ముడు సరే అన్నడు. ఒక్కటే షరతు, దాని మీద డైలాగులు పెట్టొద్దట.

#ఓరుగల్లు #ఖిలావరంగల్ #రామప్ప #లక్నవరం #బొగత #ములుగు #డప్పు