ఉద్యోగ రాజీనామా లేఖ

నల్గొండ,
1 సెప్టెంబర్ 2025

నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ గారికి,

విషయం: ఎమ్మెస్సీ నర్సింగ్ చదవడానికి ఉద్యోగానికి రాజీనామా

మేడమ్,

నమస్కారం. మన ఆసుపత్రి ఎన్‌ఐసీయూలో చేస్తున్న స్టాఫ్ నర్సు ఉద్యోగానికి రాజీనామా ఇస్తున్నాను. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఉన్న నెల రోజుల నోటీసు ప్రకారం సెప్టెంబర్ 30 నా చివరి పనిదినం అవుతుంది. ఆ రోజు డ్యూటీ దిగాక రిలీవ్ చేయవలసిందిగా కోరుతున్నాను.

కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో నాకు హైదరాబాద్‌లోని కాలేజీలో ఎమ్మెస్సీ నర్సింగ్ సీటు వచ్చింది. చైల్డ్ హెల్త్ బ్రాంచి, రెండేళ్ల కోర్సు. డ్యూటీ చేస్తూ చదివే వీలు లేదు కాబట్టి ఉద్యోగం వదలక తప్పడం లేదు. ఇక్కడ నాకు ఇబ్బంది ఉండి వెళ్తున్నానని మాత్రం అనుకోవద్దు. జీతం గురించి గానీ, ఇంకో ఆసుపత్రి పిలుపు గురించి గానీ ఇది కాదు.

ఈ బ్రాంచే ఎందుకు ఎంచుకున్నానో మీకు చెప్పాలి. బీఎస్సీ అయ్యి వచ్చిన కొత్తలో వార్మర్ మీద ఉన్న బిడ్డను ముట్టుకోవాలన్నా చేతులు వణికేవి. నెలలు నిండని బిడ్డ ఊపిరి తీయడం ఆపేస్తే మానిటర్ మోగగానే కంగారు పడకుండా అరికాలిని వేలితో తట్టి, తల సరిచేసి, రంగు చూడాలని మీరు పక్కన నిలబడి నేర్పారు. బిడ్డ మళ్లీ ఊపిరి అందుకున్నాక కూడా చాలాసేపు నన్ను అక్కడి నుంచి కదలనివ్వలేదు. ఏం చేయాలో ఇక్కడ నేర్చుకున్నాను. అది అలాగే ఎందుకు చేయాలో పూర్తిగా చదువుకోవాలని ఉంది. చదువయ్యాక నర్సింగ్ విద్యార్థులకు ఈ పనే నేర్పాలన్నది నా కోరిక.

ఒక విషయం ప్రత్యేకంగా మనవి చేసుకుంటున్నాను. బరువు తక్కువ పిల్లలను తల్లి ఛాతీకి ఆనించి కట్టే కంగారూ కేర్ మన యూనిట్‌లో ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది. ఈ పిల్లలను రోజుకు 8 నుంచి 24 గంటలు, ఎంత ఎక్కువ వీలైతే అంతసేపు అలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే తల్లులు మొదట్లో భయపడతారు. "గింత చిన్న పిల్లను నేనెట్ల పట్టుకోవాలె సిస్టరూ" అంటారు. నాయనమ్మలైతే అసలే ఒప్పుకోరు. వాళ్ల పక్కన కూర్చుని, బిడ్డ కాళ్లు కప్ప కాళ్లలా మడిచి, మెడ వాలకుండా ఒక పక్కకు తిప్పి, గుడ్డ కట్టి చూపించాలి. ఒకసారి బిడ్డ కదలికలు తన ఒంటికి తెలిశాయంటే ఆ తల్లి ఇక వదలదు. దీనికి మందులు, మెషీన్లు అక్కర్లేదు, కూర్చునే మనిషి కావాలి. రాత్రి డ్యూటీలో సిస్టర్లు తక్కువగా ఉన్నప్పుడు మొదట ఆగిపోయేది ఇదే. నేను వెళ్లాక ఇది ఆగకూడదు. దయచేసి ఒక సిస్టర్‌ను ఈ వారమే నాతో వేయండి. తల్లులకు చెప్పే తీరంతా నా పక్కన ఉండి చూసుకుంటారు.

నోటీసులో చివరి పది రోజులు బతుకమ్మ పండుగలోనే పడుతున్నాయి. చిన్న పిల్లలున్న సిస్టర్లు ఊళ్లకు వెళ్లాలని ఇప్పటికే అడుగుతున్నారు. ఆ రోజుల్లో నైట్ డ్యూటీలు నాకు వేయండి, సంతోషంగా చేస్తాను. ఆఖరి రోజు మాత్రం పగటి డ్యూటీ ఇస్తే ఎమర్జెన్సీ ట్రే, మందుల స్టాక్ రిజిస్టర్, బీరువా తాళాలు లెక్క చూపి అప్పగిస్తాను. నాలుగో వార్మర్ స్కిన్ ప్రోబ్ తరచూ ఊడిపోతోంది. టేపు వేసి నెట్టుకొస్తున్నాం. బిడ్డ ఒంటి వేడి తప్పు చూపించే ప్రమాదం ఉంది, కొత్తది తెప్పించమని బయోమెడికల్ వాళ్లకు మీరు కూడా ఒక మాట చెప్పగలరు.

అడ్మిషన్‌కు బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది పని చేసినట్టు ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ చూపాలి. దాన్ని, చేరినప్పుడు ఆఫీసులో ఇచ్చిన నా ఒరిజినల్ సర్టిఫికెట్లను రిలీవింగ్ ఆర్డర్‌తో కలిపి ఇప్పించగలరు. సర్టిఫికెట్‌లో ఎన్‌ఐసీయూ అని రాస్తే నాకు మేలు. మిగిలిన జీతం, పీఎఫ్ కాగితాల సంగతి ఆఫీసులో మాట్లాడుకుంటాను.

మీకు, డాక్టర్లకు, నాతో రాత్రులు మేలుకున్న సిస్టర్లకు, ఆయమ్మలకు కృతజ్ఞతలు. నా రాజీనామాను ఆమోదించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
బి. స్వాతి
స్టాఫ్ నర్సు, ఎన్‌ఐసీయూ

ప్రతి: హెచ్‌ఆర్ విభాగం
జతపరిచినవి: సీటు అలాట్‌మెంట్ ఆర్డర్ కాపీ, అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాపీ