రక్తహీనత ఉన్నవారికి శాకాహార భోజన సూచనలు

మీ హిమోగ్లోబిన్ 9.8 ఉంది, డాక్టరు గారు ఐరన్ మాత్ర రాశారు. రక్తహీనతను సరిచేసేది ప్రధానంగా ఆ మాత్రే కనుక, ఆహారం మార్చుకున్నామని దానిని మానవద్దు.

మీరు రాసి ఇచ్చిన మూడు రోజుల భోజన వివరాలు చూశాను. పప్పు, పాలకూర బాగానే తింటున్నారు. అయితే ఉదయం టిఫినుతో కాఫీ, మధ్యాహ్నం భోజనం ముగించగానే టీ తాగుతున్నారు. శాకాహారంలోని ఇనుము శరీరానికి అంత సులువుగా పట్టేది కాదు. టీ, కాఫీలలోని పదార్థాలు దానిని మరింత అడ్డుకుంటాయి. అందువల్ల ముందుగా చేయవలసిన మార్పు, ఆ రెండింటినీ భోజనానికి కనీసం గంట ఎడంగా జరపడం.

పొద్దున మొలకెత్తిన పెసలను కొద్దిగా ఆవిరి పట్టి, సన్నగా తరిగిన టమాటా, క్యాప్సికం ముక్కలు కలపండి. గింజలు నానినప్పుడూ మొలకెత్తినప్పుడూ ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. నిమ్మరసం మాత్రం గిన్నె పొయ్యి మీద నుంచి దించి, వేడి తగ్గిన తరువాతే పిండాలి, ఎందుకంటే ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడే విటమిన్ సి వేడికి నశిస్తుంది.

మధ్యాహ్నానికి పప్పు చిక్కగా వండుకోండి. ఉడికిన మసూరు పప్పు ఒక కప్పులో సుమారు 6.6 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పాలకూర మీకు ఇష్టమని చెప్పారు, తప్పకుండా తినండి. కానీ అందులోని ఇనుము చాలా తక్కువగా ఒంటబడుతుంది కనుక దాని మీదే ఆధారపడటం సరికాదని నా అభిప్రాయం. పెరుగులోని కాల్షియం కూడా కొంత అడ్డు వస్తుంది, దానిని సాయంత్రానికి మార్చుకోవచ్చు.

మధ్యలో ఆకలేస్తే గుప్పెడు గుమ్మడి గింజలు, ఒక జామపండు చాలు. జామలో విటమిన్ సి నారింజ కన్నా చాలా ఎక్కువ.

రాత్రికి ముందురోజే నానబెట్టిన శనగలను మెత్తగా ఉడికించి, ఇనుప మూకుడులో టమాటా గుజ్జుతో పది నిమిషాలు మగ్గనివ్వండి. పులుపు తగిలినప్పుడు మూకుడులోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. కూర రంగు కాస్త ముదిరితే కంగారు పడనవసరం లేదు. దించగానే వేరే గిన్నెలోకి తీయండి, లేకపోతే నల్లబడి లోహపు రుచి వస్తుంది. శనగలకు బదులు రాజ్మా గాని, సోయా పనీరు గాని వాడుకోవచ్చు. పైన తెల్ల నువ్వులు దోరగా వేయించి చల్లండి.

మాత్ర వల్ల మలం నల్లగా రావడం సహజమే. మాత్ర వేసుకోకముందు నుంచే అలా వస్తున్నా, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉన్నా, ఆయాసం పెరిగినా ఆలస్యం చేయకుండా డాక్టరు గారికి చెప్పండి. శాకాహారులకు బి12 లోపం కూడా ఉండే అవకాశం ఉంది. ఆ పరీక్ష గురించి కూడా వారిని అడగండి. నాలుగు వారాల తరువాత రక్తపరీక్ష ఫలితంతో వచ్చేటప్పుడు, టీ, కాఫీ ఏ వేళకు తాగారో కూడా రాసుకుని తీసుకురండి.