‘ఉప్పుగట్టు’ వచ్చేస్తోంది!

నా మొదటి కథల పుస్తకం ఈ నెల 20న విడుదల. నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసే ఆడవాళ్ల కథలు. కవరు మీది గొర్రు మా పెద్దమ్మది, పిడి అరిగిపోయి ఉంటుంది చూడండి. ప్రూఫులు దిద్దినప్పటి కన్నా ఇప్పుడే ఎక్కువ టెన్షన్!

లోపలి నుంచి ఒక్క వాక్యం:
“తొలి వాన పడితే ఊరంతా సంబరపడేది, అమ్మ మాత్రం కరిగిపోతున్న కుప్ప మీద తాటాకులు కప్పుతూ మబ్బుని తిట్టేది.”

ముందుగా కావాలంటే ‘ఉప్పుగట్టు’ అని నాకు మెసేజ్ పెట్టండి. క్యూఆర్ కోడ్ పంపుతాను. వెల 180, 19 లోపు అయితే 150, పోస్టు ఖర్చు నాదే. డబ్బు కట్టాక స్క్రీన్‌షాట్, పిన్‌కోడ్‌తో అడ్రస్, ఫోన్ నంబరు పంపితే చాలు. సంతకం కావాలంటే ఎవరి పేరు మీద రాయాలో కూడా చెప్పండి. 21 నుంచి పోస్టులో బయల్దేరతాయి.